డిష్‌కి ఏ గోడ, ఏ బోల్టు: హైదరాబాద్ ఇళ్లకు నాలుగు పద్ధతుల పోలిక

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. మర్నాడు ఏ వీధిలో చూసినా ఒకటో రెండో డిష్‌లు నేలచూపులు చూస్తుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే చాలాసార్లు రేకు వంగి ఉండదు, పైపు విరిగి ఉండదు. గోడలోంచి స్క్రూ ఊడి, దాంతోపాటు ప్లాస్టిక్ గిట్టి, గుప్పెడు ప్లాస్టరింగ్ బయటికి వచ్చి ఉంటాయి. డిష్ ఎంత మంచిదైనా దాన్ని మోసేది ఆ నాలుగు రంధ్రాలే. అందుకే కొనేముందు ఆలోచించాల్సింది మూడు విషయాలు: ఏ వైపు గోడ, ఆ గోడ దేనితో కట్టింది, దానికి ఏ పట్టు నప్పుతుంది. ఈ వరుసలోనే చూడాలి. బోల్టు ముందు కొని గోడ తర్వాత చూస్తే ఏదో ఒకచోట రాజీ పడాల్సి వస్తుంది.

నేను ఇక్కడ పోల్చేది సుమారు 60 సెంటీమీటర్ల మామూలు ఇంటి డిష్‌ని బిగించే నాలుగు పద్ధతుల్ని. మొదటిది, గోడకు ఒకే ప్లేటుతో బిగించే ఎల్ ఆకారపు స్టాండ్. రెండోది, గోడ వెంట నిలువు పైపు పెట్టి కిందా పైనా రెండు క్లాంపులు వేయడం. మూడోది, పిట్టగోడకు ఆరపార బోల్టులు వేసి వెనక ప్లేటు పెట్టడం. నాలుగోది, ఎక్కడా రంధ్రం చేయకుండా డాబా మీద బరువుతో నిలిపే స్టాండ్.

ముందు దిక్కు చూడండి

మన దేశపు డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఉంటాయి కాబట్టి హైదరాబాద్ నుంచి అవి దక్షిణం వైపు, అందులోనూ తూర్పుకు కాస్త ఒరిగి ఉంటాయి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్న 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశ స్థానం మనకు దాదాపు సరిగ్గా ఆగ్నేయ మూల, అంటే ఉత్తరం నుంచి కొలిస్తే 138 డిగ్రీలు. టాటా ప్లే వాడే 83 డిగ్రీల స్థానం దక్షిణానికి దగ్గరగా, 165 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎయిర్‌టెల్ వాడే 108.2 డిగ్రీల స్థానం తూర్పు వైపు జరిగి 118 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాబట్టి తూర్పు గోడ, దక్షిణ గోడ పనికొస్తాయి. పడమర, ఉత్తరం గోడలకు బిగిస్తే మన ఇల్లే అడ్డం వస్తుంది. 83 డిగ్రీల ఉపగ్రహానికైతే తూర్పు గోడ కూడా ఇబ్బందే. డిష్ దాదాపు గోడకు సమాంతరంగా చూడాలి, దాని అంచు గోడను తాకుతుంది. దానికి దక్షిణ గోడే వెతకండి.

ఎదురుగా ఉన్న బిల్డింగ్ అడ్డం వస్తుందేమోనని చాలామంది కంగారు పడతారు. హైదరాబాద్‌లో అది అనుకున్నంత పెద్ద సమస్య కాదు. 93.5 డిగ్రీల ఉపగ్రహం మనకు నేల నుంచి 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే డిష్ ముందు 10 అడుగుల దూరంలో ఉన్న కట్టడం డిష్ కన్నా 17 అడుగులు ఎత్తున్నా సిగ్నల్ దాని పైనుంచి వచ్చేస్తుంది. ఇరుకు సందుల్లో కూడా డిష్‌లు పనిచేయడానికి కారణం ఇదే. 108.2 డిగ్రీల స్థానం ఎత్తు మాత్రం 50 డిగ్రీలే, దానికి ఎదురిల్లు కొంచెం లెక్కలోకి వస్తుంది.

అసలు అడ్డం డిష్ నెత్తి మీద ఉంటుంది. కిటికీ సజ్జ, పై అంతస్తు బాల్కనీ, శ్లాబు అంచు, ఇవే సిగ్నల్‌ని ఆపేవి. చూపు అంత నిటారుగా పైకి వెళ్తుంది కాబట్టి సజ్జ కింద డిష్ పెట్టాలంటే చాలా కిందికి దిగాలి. 93.5కి తూర్పు గోడ మీదైనా దక్షిణ గోడ మీదైనా లెక్క ఇంచుమించు ఒకటే: సజ్జ ఎంత ముందుకు వస్తే దానికి మూడింతలు కిందికి దించాలి. 2 అడుగుల సజ్జ ఉంటే 6 అడుగుల కింద. 4 అడుగుల బాల్కనీ కిందైతే 12 అడుగులు, అంటే ఒక అంతస్తు కన్నా ఎక్కువ. అది కుదిరే పని కాదు. అలాంటి చోట డిష్ బాల్కనీ అంచు దాటి బయటికి రావాలి, లేదంటే డాబా మీదికి వెళ్లాలి. బయటికి తెచ్చే పనిలో మనిషి రైలింగ్ మీదికి వంగి డ్రిల్ పట్టుకోవాల్సి వస్తే ఆ ఎంపికను అక్కడే వదిలేయండి. నిలబడి రెండు చేతులతో పని చేయగల చోటు దొరికే వరకు గోడ వెతకాల్సిందే. వీధి వైపు కరెంటు తీగలున్న గోడను కూడా నేను లెక్కలోంచి తీసేస్తాను. పైపు పొరపాటున చేయి జారి పడితే తీగల్ని చేరే దూరంలో ఉండకూడదు.

గోడ దేనితో కట్టిందో పొడి చెబుతుంది

పెయింట్, ప్లాస్టరింగ్ వేశాక అన్ని గోడలూ ఒకేలా కనిపిస్తాయి. వేలితో తట్టి చెప్పేవాళ్లున్నారు కానీ నేను నమ్మేది డ్రిల్ పొడిని. డిష్ ప్లేటు కప్పేసే చోట 6 మిల్లీమీటర్ల బిట్‌తో ఒక పరీక్ష రంధ్రం చేయండి. మొదటి 15, 20 మిల్లీమీటర్లు బూడిదరంగు ఇసుక పొడి వస్తుంది. అది ప్లాస్టరింగ్, దాన్ని లెక్కలో వేసుకోకండి. ఆ తర్వాత వచ్చే పొడిని చూడాలి. ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక. తెల్లగా పిండిలా జారిపోతూ బిట్ తనంతట తానే లోపలికి వెళ్లిపోతుంటే ఏఏసీ, అంటే ఇప్పుడు కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలిక బ్లాకు. బూడిదరంగు పొడి వస్తూ బిట్ మొరాయిస్తూ, డ్రిల్ చేతుల్లో అదురుతుంటే కాంక్రీటు పిల్లరో బీమో తగిలినట్టు. బూడిద పొడే వచ్చి బిట్ ఉన్నట్టుండి ఖాళీలోకి దూకితే బోలు సిమెంట్ బ్లాకు.

మట్టి ఇటుకలోనూ ఒక తేడా ఉంది. ప్లాస్టరింగ్ దాటాక కూడా ఎర్ర పొడి రాకుండా ఇసుక పొడే వస్తుంటే రెండు ఇటుకల మధ్య అతుకులో పడ్డట్టు. అక్కడ ఫాస్టనర్, అంటే రంధ్రంలో విప్పారి పట్టుకునే బోల్టు, గట్టిగా పట్టదు. ఒకటిన్నర అంగుళం పైకో కిందికో జరిగితే ఇటుక దొరుకుతుంది.

కాంక్రీటు దొరికితే మరో ఆలోచన అక్కర్లేదు, దానికే బిగించండి. కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లలో కొన్నిటికి బయటి గోడలు మొత్తం కాంక్రీటుతోనే పోస్తున్నారు. అక్కడ సమస్య గోడతో కాదు, సొసైటీ అనుమతితో. మిగతా అపార్ట్‌మెంట్లలో గోడ ఏఏసీ అయినా గది మూలల్లో పిల్లర్, శ్లాబు కింద బీమ్ ఉంటాయి. పాతబస్తీలో రాయీ సున్నంతో కట్టిన మందపాటి గోడలు వేరే సంగతి. వాటిలో రాయి గట్టిదే, చుట్టూ ఉన్న సున్నం పొడిపొడిగా రాలుతుంది. అక్కడ ఫాస్టనర్‌ను బలవంతంగా విప్పారిస్తే రాయి కదులుతుంది. రంధ్రాన్ని బ్రష్షుతో శుభ్రం చేసి, దుమ్ము ఊది, రసాయనం నింపి రాడ్డును అతికించే కెమికల్ యాంకర్ ఆ గోడలకు సరైంది.

గాలి ఎంత లాగుతుంది

పట్టు ఎంచుకోవాలంటే బరువు తెలియాలి. డిష్, దాని స్టాండ్ కలిపి నాలుగైదు కిలోలు, అది పెద్ద లెక్క కాదు. గాలి లాగే బలమే అసలు బరువు. కట్టడాలకు వాడే ఐఎస్ 875 ప్రమాణంలో హైదరాబాద్‌కు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. అంత గాలి 60 సెంటీమీటర్ల డిష్‌కి ఎదురుగా కొడితే సుమారు 43 కిలోల బరువు పెట్టి లాగినట్టు ఉంటుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి అది 14 కిలోలే. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతుంది. అందుకే పదేళ్లు కదలని డిష్ ఒక్క గాలివానకే ఊడిపోతుంది.

ఆ 43 కిలోలు బోల్టుల దగ్గరికి వచ్చేసరికి పెరుగుతాయి. ఎల్ స్టాండ్ ప్లేటు మీద పై రంధ్రాలకీ కింది రంధ్రాలకీ మధ్య 15 సెంటీమీటర్లు ఉందనుకుందాం. డిష్ మధ్యభాగం ఆ ప్లేటు కన్నా 30 సెంటీమీటర్లు పైన ఉంటుంది. గాలి డిష్‌ని గోడ నుంచి బయటికి లాగినప్పుడు ప్లేటు కింది అంచు గోడకు నొక్కుకుంటుంది, పై అంచు ఊడివచ్చేలా తెరుచుకుంటుంది. అప్పుడు పై రెండు బోల్టుల మీద ఒక్కోదానికి సుమారు 60 కిలోల లాగుడు పడుతుంది. కాంక్రీటులోనో మంచి ఇటుకలోనో సరిగ్గా కూర్చున్న 10 మిల్లీమీటర్ల ఫాస్టనర్‌కు ఇది పెద్ద పనేం కాదు. ప్లాస్టరింగ్‌లోనే సగం మిగిలిపోయిన ప్లాస్టిక్ గిట్టి మాత్రం తట్టుకోదు.

ఇక్కడే మొదటి రెండు పద్ధతుల మధ్య తేడా తేలిపోతుంది. నిలువు పైపును 60 సెంటీమీటర్ల ఎడంలో రెండు క్లాంపులతో గోడకు బిగించి, డిష్‌ని పై క్లాంపుకు 30 సెంటీమీటర్ల పైన పెడితే, పై క్లాంపు మీద పడేది మొత్తం 65 కిలోలు. రెండు బోల్టులకు పంచితే ఒక్కోదానికి 33. అదే గాలి, అదే డిష్, బోల్టుల మధ్య ఎడం పెరగడంతో బోల్టు మీద లాగుడు సగమైంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, రంధ్రాలు నాలుగే. అందుకే గోడ మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా నేను రెండు క్లాంపుల పైపునే ఎంచుకుంటాను. డిష్‌ని అడుగు, అడుగున్నర ఎత్తుకు లేపాల్సి వచ్చినా అదే. గోడ కాంక్రీటైతే, లేదా 9 అంగుళాల మంచి ఇటుక గోడైతే డిష్‌తోపాటు వచ్చే ఎల్ స్టాండ్ చాలు. దాని మీద ఇంకో పైపు తొడిగి ఎత్తు పెంచడం మాత్రం వద్దు. ఎత్తు రెట్టింపైతే పై బోల్టుల మీద లాగుడు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఏ గోడకు ఏ పట్టు

కాంక్రీటుకు వెడ్జ్ రకం ఫాస్టనర్. బోల్టు ఎంత లావో రంధ్రం అంతే, చివర ఉన్న చిన్న రింగు బిగించేకొద్దీ విప్పారి పట్టుకుంటుంది. దాన్ని ఇటుకలో వాడకూడదు. విప్పారే చోట బలమంతా ఒక సన్నటి వలయం మీద పడి ఇటుక చిట్లుతుంది. ఇటుకకు పొడవాటి గొట్టం తొడుగు ఉన్న స్లీవ్ రకం కావాలి, అది పట్టును ఎక్కువ పొడవునా పంచుతుంది. దానికి రంధ్రం బోల్టు కన్నా లావుగా ఉంటుంది, ఎంతన్నది పెట్టె మీద రాసి ఉన్నదే చూసుకోవాలి. రాణీగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో హార్డ్‌వేర్ షాపులో ఉత్తగా ‘ఫాస్టనర్ ఇవ్వండి’ అంటే చేతికి అందింది ఇచ్చేస్తారు. ఇటుక గోడ అని చెప్పి అడగండి. పొడవు కొనేటప్పుడు ప్లాస్టరింగ్ 20, ప్లేటు మందం, నట్టు, వాషర్ కలిపి మరో 15 మిల్లీమీటర్లు తీసేసి మిగిలిందే గోడ లోపలి పట్టు అని లెక్కవేయండి. ఇటుకలో 60 మిల్లీమీటర్లయినా మిగలాలంటే 100 మిల్లీమీటర్ల ఫాస్టనర్ కావాలి. 75ది చవక, కానీ ప్లాస్టరింగ్ పోను లోపల మిగిలేది నలభయ్యే.

ఏఏసీ గోడ ఈ పట్టులన్నిటినీ మోసం చేస్తుంది. ఇనుప ఫాస్టనర్ బిగిస్తుంటే మొదట గట్టిగా అనిపిస్తుంది, ఇంకో అర చుట్టు తిప్పగానే లోపల నురగలాంటి బ్లాకు నలిగిపోయి బోల్టు వట్టిగా తిరగడం మొదలుపెడుతుంది. ఆ రంధ్రం ఇక పనికిరాదు. ఏఏసీకి మూడే దారులున్నాయి: పక్కనున్న పిల్లర్‌కు జరగడం, గోడ రెండు వైపులా చేయి అందితే ఆరపార బోల్టు వేయడం, అదీ కాకపోతే ఏఏసీకి సరిపోతుందని పెట్టె మీద రాసి ఉన్న కెమికల్ యాంకర్. డ్రిల్‌ను హ్యామర్ మోడ్‌లో పెట్టకుండా ఉత్తగా తిప్పుతూ రంధ్రం చేయాలి. హ్యామర్ మోడ్‌లో పెడితే రంధ్రం గుండ్రంగా రాదు, చుట్టూ పొడైపోతుంది.

పిట్టగోడ సంగతి వేరు. చాలా ఇళ్లలో అది నాలుగున్నర అంగుళాల ఒంటి ఇటుక గోడ. దానికి ఫాస్టనర్ వేస్తే విప్పారే చోటు అవతలి ముఖానికి దగ్గరపడి, వెనకవైపు ప్లాస్టరింగ్ పెళ్లగా లేస్తుంది. ఆరపార 10 మిల్లీమీటర్ల థ్రెడ్ రాడ్ వేసి, వెనక పై రెండు రాడ్లకూ కలిపి ఒక ఇనుప పట్టీ, కింది రెండిటికీ ఇంకో పట్టీ పెట్టి బిగించడమే దీనికి మంచి పద్ధతి. ఇటుకను విప్పార్చి చీల్చే పని ఉండదు, రెండు వైపుల నుంచి నొక్కి పట్టుకుంటుంది. ఒక షరతు: పై రెండు వరసల ఇటుకల జోలికి వెళ్లకండి, వాటి మీద బరువు లేదు, ఊగిపోతాయి. పిట్టగోడలో ప్రతి పది అడుగులకో చోట అడ్డంగా చిన్న పిల్లర్ కట్టి ఉంటే దాని పక్కనే చోటు చూడండి. పిట్టగోడ నెత్తి మీద నిలువుగా రంధ్రం చేసి పైపు దించడం అస్సలు వద్దు. వాన నీళ్లు నేరుగా గోడలోకి దిగుతాయి. వీధి వైపు పిట్టగోడకైతే అవతలి ముఖం మీద పట్టీ పెట్టడానికి చేయి అందదు, వంగకూడదు కూడా. అందుకే ఇంటి లోపలి వైపు, రెండు ముఖాలూ నిలబడి చేరుకునే పిట్టగోడకే ఈ పద్ధతి.

డాబా మీద బరువు స్టాండ్ అద్దె ఇళ్లవాళ్లకు, గోడ మీద నమ్మకం లేనివాళ్లకు మంచి దారి. కాకపోతే రెండు ఇటుకలు పెట్టి సరిపెడితే నిలవదు. 90 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్ మీద 60 సెంటీమీటర్ల ఎత్తులో డిష్ ఉంటే, ఆ 43 కిలోల గాలికి పడిపోకుండా కనీసం 58 కిలోలు కావాలి. కొంత భద్రత కలుపుకుంటే 90 కిలోలు పెట్టాలి. 6 అంగుళాల గట్టి సిమెంట్ బ్లాకులు ఒక్కోటి 20 కిలోలకు పైనే ఉంటాయి, ఐదు సరిపోతాయి. బరువు సరిపోయినా నున్నటి డాబా మీద స్టాండ్ జారొచ్చు, కాబట్టి కింద రబ్బరు షీటు పరిచి, పిట్టగోడకు ఆనించి పెట్టండి. స్టాండ్ కాళ్లకు శ్లాబులోకి బోల్టులు మాత్రం వేయించకండి, వాటర్‌ప్రూఫింగ్ చిల్లు పడితే కింద గది సీలింగ్ చెమ్మగిల్లుతుంది.

నాగోల్ ఇంట్లో ఎంపిక ఎలా జరిగింది

నాగోల్‌లో మా పిన్ని వాళ్లది ఒక అంతస్తు మేడ. వాళ్ల ఫ్రీ డిష్‌ని కుర్రాడెవరో వచ్చి పిట్టగోడకు ప్లాస్టిక్ గిట్టీలతో బిగించి వెళ్లాడు. గాలికి పై రెండు స్క్రూలు ఊడివచ్చి డిష్ కింది స్క్రూల మీద వేలాడింది. “అవే రంధ్రాల్లో కాస్త సిమెంట్ పెట్టి మళ్లీ బిగించెయ్యరా, కొత్త రంధ్రాలెందుకు” అంది పిన్ని. పెద్దదైపోయిన రంధ్రంలో సిమెంట్ పూస్తే అది పాత ఇటుకకు అతుక్కోదు, స్క్రూతోపాటు బిరడాలా బయటికి వస్తుంది. అదే చెప్పాను.

డాబా మీద మూడు చోట్లు కనిపించాయి. పిట్టగోడ నాలుగున్నర అంగుళాలదే, దక్షిణం వైపు దాని అవతల పక్కింటి ఖాళీ స్థలం, పట్టీ పెట్టడానికి చేయి అందదు. మెట్ల గది తూర్పు గోడకు తలుపు, దాని మీద అడుగున్నర సజ్జ. లెక్క ప్రకారం డిష్ సజ్జకు నాలుగున్నర అడుగుల కింద ఉండాలి, అంటే మనిషి నడిచే దారిలో నడుము ఎత్తున. అదీ వద్దనుకున్నాం. మెట్ల గది దక్షిణ గోడ ఖాళీగా ఉంది. శ్లాబు అంచు 9 అంగుళాలు మాత్రమే ముందుకు వచ్చింది, అంటే డిష్ దానికి రెండున్నర అడుగుల కింద ఉంటే చాలు. నేల నుంచి 5 అడుగుల ఎత్తున డిష్ మధ్యభాగం పెడితే అంతకన్నా ఎక్కువే ఖాళీ ఉంది. స్టూల్ కూడా అక్కర్లేదు. పరీక్ష రంధ్రంలోంచి ఎర్ర పొడి వచ్చింది, గోడ 9 అంగుళాలు. దాంతో ఎల్ స్టాండ్, 10 మిల్లీమీటర్ల స్లీవ్ ఫాస్టనర్లు నాలుగు, 100 మిల్లీమీటర్ల పొడవు అని తేలిపోయింది. పైపూ రెండు క్లాంపుల అవసరం ఇక్కడ లేదు.

నాలుగు రంధ్రాలూ ఒకేసారి గుర్తుపెట్టి చేస్తే ఏదో ఒకటి అతుకులో పడుతుంది, ప్లేటు మొత్తం పక్కకు పోతుంది. అందుకని ముందు పైన ఒక రంధ్రం చేసి, ఫాస్టనర్ వేసి ప్లేటును వదులుగా వేలాడదీశాను. ప్లేటు ఆ ఒక్క బోల్టు మీద తిరుగుతుంది కాబట్టి, పైపు నిటారుగా వచ్చేదాకా తిప్పి, అప్పుడు మిగతా మూడూ గుర్తుపెట్టాను. రంధ్రాలు కొద్దిగా బయటికి వాలేలా చేస్తే నీళ్లు లోపలికి పోవు. ఇటుకలో నట్టును బలమంతా పెట్టి బిగించకూడదు. పానా ఒక చేత్తో గట్టిపడేదాకా, అంతే.

పైపు నిటారుగా ఉందా

సిగ్నల్ ఎలాగూ వెతికి పట్టుకుంటాం కదా, పైపు కాస్త ఒరిగితే ఏమైంది అని అడుగుతారు. ఒరిగిన పైపు మీద కూడా ఓపికగా వెతికితే సిగ్నల్ దొరుకుతుంది, నిజమే. కానీ నిటారు పైపు మీద రెండు కదలికలూ వేరువేరుగా ఉంటాయి. డిష్‌ని పక్కకు తిప్పితే దిక్కు మాత్రమే మారుతుంది, ఎత్తు చెదరదు. ఒరిగిన పైపు మీద దిక్కు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, స్టాండ్ మీద ఉన్న డిగ్రీల గీతలు అబద్ధం చెబుతాయి.

హైదరాబాద్‌లో ఇది ఉత్తరాదికన్నా ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే మన డిష్ చాలా నిటారుగా పైకి చూస్తుంది. 63 డిగ్రీల ఎత్తులో దిక్కును 1 డిగ్రీ తిప్పితే చూపు ఆకాశంలో అర డిగ్రీ కన్నా తక్కువే జరుగుతుంది. ఎత్తు 1 డిగ్రీ తప్పితే మాత్రం పూర్తిగా 1 డిగ్రీ తప్పినట్టే. పైపు ఆగ్నేయం వైపు ఒరిగితే ఆ ఒరుగు మొత్తం ఎత్తులోకి వెళ్తుంది. పక్కకు ఒరిగితే ఇంకో చిక్కు: 1 డిగ్రీ ఒరుగును సరిచేయడానికి డిష్‌ని దాదాపు 2 డిగ్రీలు తిప్పాలి, దిక్సూచి చూపిన చోట సిగ్నల్ ఉండదు. 60 సెంటీమీటర్ల డిష్‌కి 1 డిగ్రీ తప్పినా ఎండలో బొమ్మ బాగానే వస్తుంది. జూలైలో ముసురు పట్టినప్పుడు, వాన తినేసిన సిగ్నల్‌కు ఈ నష్టం తోడై బొమ్మ ముక్కలవుతుంది. వానకు ప్రతి డిష్ కాసేపు ఆగుతుంది. సన్నటి చినుకులకే ఆగిపోతుంటే గురి తప్పిందని అర్థం.

కొలవడానికి మేస్త్రీల తూకం గుండు చాలు. దారాన్ని పైపుకు ఆనకుండా వేలాడదీసి, పైన, కింద పైపుకూ దారానికీ మధ్య ఎడం కొలిచి పోల్చండి. 30 సెంటీమీటర్ల పైపు మీద ఆ రెండు కొలతల తేడా 5 మిల్లీమీటర్లు ఉంటే 1 డిగ్రీ ఒరిగినట్టు. గాలి ఉన్నప్పుడు గుండు ఊగుతుంది, దాన్ని బకెట్ నీళ్లలో మునిగేలా వదిలితే కుదుటపడుతుంది. అయస్కాంతం ఉన్న చిన్న లెవెల్ అయితే పైపుకు అంటించి చూడొచ్చు. ఏదైనా సరే, ముందు గోడకు ఎదురుగా నిలబడి ఒకసారి, గోడ పక్కకు వచ్చి ఒకసారి, రెండు వైపుల నుంచీ చూడాలి. ఒక్క వైపే చూస్తే పైపు గోడ వైపో బయటికో ఒరిగి ఉన్నా తెలియదు.

పక్కకు ఒరిగితే ప్లేటును తిప్పి సరిచేస్తాం. ముందుకు ఒరిగితే కారణం గోడే. ప్లాస్టరింగ్ ఎక్కడా అద్దంలా ఉండదు. నాగోల్ గోడకు ప్లేటు పై అంచు దగ్గర చిన్న ఉబ్బు ఉంది, నట్లు బిగించేసరికి పైపు తల 4 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. కింది రెండు బోల్టుల దగ్గర ప్లేటు వెనక ఒక్కో వాషర్ పెట్టాను. 15 సెంటీమీటర్ల ఎడంలో 2 మిల్లీమీటర్ల వాషర్ అంటే 30 సెంటీమీటర్ల పైపు మీద సరిగ్గా ఆ 4 మిల్లీమీటర్లే. పైపు గోడ వైపు ఒరిగి ఉంటే వాషర్లు పై బోల్టులకు వెయ్యాలి. వాషర్ పెట్టకుండా నట్టు బలంగా బిగించి సరిచేయబోతే ప్లేటు వంగుతుంది, లేదా ఇటుకలో బోల్టు వదులవుతుంది. నట్లన్నీ బిగించాక మళ్లీ ఒకసారి గుండు వేలాడదీయడం మరవకండి, చివరి బిగింపులోనే పైపు కదులుతుంది.

ఆ తర్వాతి పని సులువు. స్టాండ్ గీత మీద ఎత్తును 63 దగ్గర పెట్టండి (డిష్ ముఖం చూడ్డానికి అంత పైకి ఎత్తినట్టు కనిపించదు, ఆ తేడాను గీతలోనే కలిపి ఉంటారు). ఆగ్నేయం వైపు తిప్పి, అక్కడి నుంచి వేలెడు వేలెడు జరుపుతూ, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగి బాక్సు చూపే సిగ్నల్ చూడండి. సిగ్నల్ దొరికాక ఎడమకు జరిపితే ఎక్కడ పడిపోయిందో, కుడికి జరిపితే ఎక్కడ పడిపోయిందో రెండు చోట్లా పెన్సిల్ గుర్తు పెట్టి, సరిగ్గా మధ్యకు తెచ్చి బిగించండి. ఎత్తుకూ ఇదే పద్ధతి, ఇంకాస్త నిదానంగా.

అంతా బిగించాక డిష్ క్లాంపు మీద నుంచి పైపు మీదికి పర్మనెంట్ మార్కర్‌తో ఒక నిలువు గీత గీయండి. ప్లేటు అంచు చుట్టూ గోడ మీద కూడా ఒక గీత. ఈదురుగాలి తర్వాత బొమ్మ తగ్గితే డాబా ఎక్కి ఆ రెండు గీతలే చూడాలి. క్లాంపు గీత విరిగి ఉండి గోడ గీత అలాగే ఉంటే డిష్ పైపు మీద తిరిగిందంతే, గీతలు కలిపి బిగిస్తే బొమ్మ వచ్చేస్తుంది. గోడ గీత దగ్గర వెంట్రుకంత సందు కనిపించినా, ఫాస్టనర్ చుట్టూ ప్లాస్టరింగ్ పొడి రాలి ఉన్నా, డిష్ జోలికి వెళ్లకుండా ముందు ఆ బోల్టును విప్పి, రంధ్రం ఒక ఇటుక పక్కకు మార్చాలి.